నీడను దాచే వెలుగు, ఒత్తిడిని ఓర్చే శరీరం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లోతు సముద్రం అనగానే మనకు రెండు విషయాలు తడతాయి. ఒకటి చీకటి, రెండోది ఒత్తిడి. ఈ రెండింటినీ జంతువులు ఎలా తట్టుకుంటున్నాయో ఈ రోజు చెప్పుకుందాం. చెప్పాలంటే వందల జంతువులున్నాయి. కానీ నేను ముఖ్యంగా ఒక చిన్న చేప పొట్ట దగ్గర, తర్వాత ఇంకో చేప కండరం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

సముద్రంలో ఐదారు వందల మీటర్ల లోతున మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో ముందు ఊహించుకోండి. అక్కడ పూర్తి చీకటి ఉండదు. ఎండలో ఉన్న ఎరుపును పైనున్న కొన్ని మీటర్ల నీరే మింగేస్తుంది. ఆ తర్వాత పసుపు పోతుంది, ఆకుపచ్చ తగ్గిపోతుంది. ఆ లోతుకు చేరేది దాదాపు నీలం ఒక్కటే, 475 నానోమీటర్ల అటూ ఇటూ ఉండే నీలం. అది కూడా చాలా మసకగా, నెత్తి మీద నుంచి మాత్రమే వస్తుంది. తల ఎత్తి చూస్తే మసక నీలం, తల దించి చూస్తే దాదాపు నలుపు. రెండింటికీ తేడా కొన్ని వందల రెట్లు.

ఇప్పుడు అక్కడ ఉన్న ఒక చిన్న చేప కష్టం చూడండి. దాక్కోవడానికి రాయి లేదు, మొక్క లేదు, నేల లేదు. చుట్టూ నీళ్ళే. దాని కింద ఏదైనా వేటాడే జంతువు ఉండి పైకి చూసిందంటే, ఈ చేప నల్లగా కనిపిస్తుంది. సాయంత్రం పూట పిట్టగోడ మీద వాలిన పావురం ఆకాశం ముందు ఎలా నల్లటి ఆకారంలా కనిపిస్తుందో, అలాగే. పావురం రంగు ఏదైనా సరే, వెనక వెలుగు ఉంటే మనకు కనిపించేది ఆ నలుపే. చేపకూ అంతే. వెండిలా మెరిసే పక్కలు పక్కనుంచి చూసేవాళ్ళను మోసం చేస్తాయి గానీ, కిందనుంచి చూసేవాళ్ళను మోసం చేయలేవు.

దీనికి ఆ జంతువులు కనిపెట్టిన ఉపాయం నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. పొట్ట కింద దీపాలు పెట్టుకుంటాయి. పైనుంచి ఎంత వెలుగు వస్తోందో సరిగ్గా అంతే వెలుగును, అదే రంగులో, కిందికి పంపుతాయి. అప్పుడు కిందనున్న కంటికి చేప ఉన్నచోటా లేనిచోటా ఒకే నీలం. నల్లటి ఆకారం చెరిగిపోతుంది. వెలుగు కనిపించడానికే కదా అనుకుంటాం. ఇక్కడ మాత్రం వెలుగుతున్నది కనిపించకుండా ఉండడానికి.

చెప్పడానికి ఒక్క మాటే గానీ, చేయడానికి చాలా చిక్కులున్నాయి. హాచెట్‌ ఫిష్ అనే చేపను తీసుకుందాం. శాస్త్రీయంగా ఆర్గైరోపెలికస్ అంటారు. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది, పక్కలనుంచి నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది. కళ్ళు గొట్టాల్లా ఉండి పైకే చూస్తుంటాయి. అంటే తను పైనున్న వాటి నీడలు వెతుక్కుంటుంది, తన నీడ కిందివాళ్ళకు చిక్కకుండా చూసుకుంటుంది. పొట్ట అంచు వెంట వరసగా వెలుగు అవయవాలు ఉంటాయి, వీటిని ఫోటోఫోర్లు అంటారు.

ఒక ఫోటోఫోర్‌ను దగ్గరగా చూద్దాం. లోపల వెలుగు పుట్టించే కణాలుంటాయి. వాటి వెనక వెండి అద్దం లాంటి పొర, వెలుగు చేప శరీరంలోకి పోకుండా బయటికి తిప్పడానికి. బయటికి వచ్చే దారిలో ఒక రంగు వడపోత. ఈ వడపోత ఎందుకంటే, కణాల్లో పుట్టే వెలుగులో నీలంతో పాటు కాస్త ఆకుపచ్చ కూడా కలిసి ఉంటుంది. అది అలాగే బయటికి పోతే పైనుంచి వచ్చే నీలంతో కలవదు. అందుకే అక్కర్లేని భాగాన్ని వడపోత ఆపేస్తుంది.

ఇంకో చిక్కు దిశ. సముద్రంలో వెలుగు నేరుగా కిందికి ఎక్కువగా, పక్కలకు వెళ్ళేకొద్దీ తక్కువగా ఉంటుంది. చేప పొట్ట కింద మామూలు బల్బు లాంటిది పెట్టుకుంటే, నేరుగా కిందనుంచి చూసేవాడికి సరిపోయినా, కాస్త పక్కనుంచి చూసేవాడికి చేప ధగధగా మెరుస్తుంది. ఎరిక్ డెంటన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1970ల్లో ఈ చేపల వెలుగును కోణం మార్చి మార్చి కొలిచారు. కింది దిశలో ఎక్కువ, పక్కలకు పోయేకొద్దీ తగ్గుతూ, సముద్రపు వెలుగు ఎలా తగ్గుతుందో దాదాపు అలాగే తగ్గుతోంది. అద్దాల అమరికే ఆ పని చేస్తోంది.

మరి పైన ఎంత వెలుగు ఉందో చేపకు ఎలా తెలుస్తుంది? కన్ను పైకే చూస్తోంది కాబట్టి అది సగం సమాధానం. కానీ తన పొట్ట దీపం ఎంత వెలుగుతోందో తను చూడలేదు కదా. ఈ చేపకు కంటి పక్కనే ఒక చిన్న ఫోటోఫోర్ ఉంటుంది, దాని వెలుగు కంట్లోకే పడుతుంది. పై వెలుగుతో తన వెలుగును పోల్చి చూసుకోవడానికే అది ఉందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇదంతా నిజంగా జరుగుతోందని బతికి ఉన్న జంతువుల్లో చూపించాలి కదా. అది చూపించినవాళ్ళు రిచర్డ్ యంగ్, క్లైడ్ రోపర్. 1976లో వాళ్ళు ప్రచురించిన ప్రయోగం చాలా సాదా ప్రయోగం. లోతునుంచి పట్టిన స్క్విడ్‌లను ఓడలోనే తొట్టిలో ఉంచి, పైన మసక దీపం పెట్టి, కిందనుంచి చూశారు. దీపం ఆర్పితే స్క్విడ్ కూడా తన దీపాలు ఆర్పేసింది. పైన వెలిగిస్తే కాసేపట్లో తను కూడా వెలిగింది, వెలిగాక కిందనుంచి చూసేవారికి దాని ఆకారం పట్టుకోవడం కష్టమైపోయింది. పై దీపం పెంచితే తనూ పెంచింది. అయితే దీనికొక హద్దు ఉంది. పై వెలుగు మరీ పెరిగితే స్క్విడ్ అందుకోలేకపోతుంది. అందుకే ఇలాంటి జంతువులు పగలు తమ దీపాలు సరిపోయేంత మసక ఉన్న లోతులోనే ఉంటాయి. రాత్రయ్యాక చాలావరకు తిండి కోసం పైకి వస్తాయి.

అలా పైకి వచ్చినప్పుడు ఇంకో సమస్య. పైపొరల్లో చంద్రకాంతి, నక్షత్రకాంతి లోతులో ఉన్నంత శుద్ధ నీలం కాదు, కొంచెం ఆకుపచ్చ కలిసి ఉంటుంది. పగటి రంగుతోనే వెలిగితే దొరికిపోతాయి. 1980లో యంగ్ ఇంకొకరితో కలిసి ఈ ప్రశ్న పట్టుకున్నాడు. తొట్టిలో నీటి ఉష్ణోగ్రత మారిస్తే స్క్విడ్ వెలుగు రంగు మారింది. చల్లటి నీళ్ళలో నీలంగా, వెచ్చటి నీళ్ళలో ఆకుపచ్చ వైపు. లోతు నీరు చల్లగా, పై నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి, నీటి వేడిని బట్టే తను ఎక్కడుందో తెలుసుకుని రంగు మార్చుకుంటోందన్నమాట. చూడవలసింది చంద్రుణ్ణి, కొలుస్తున్నది నీటి వేడిని. నాకు ఈ పరిశోధనలో బాగా నచ్చిన భాగం ఇదే.

ఇంత చేసినా దాపరికం పూర్తిగా పనిచేయదు. కొన్ని వేటాడే చేపల కంటి లెన్సు పసుపు రంగులో ఉంటుంది. మసక నీలం మాత్రమే ఉన్నచోట పసుపు లెన్సు పెట్టుకోవడం నష్టంలా కనిపిస్తుంది, ఎందుకంటే అది ఉన్న కాస్త నీలాన్నీ కొంత ఆపేస్తుంది. కానీ పొట్ట దీపాల వెలుగులో ఎంత వడపోసినా ఆకుపచ్చ కొంచెం ఎక్కువ మిగులుతుంది. పసుపు లెన్సు వెనకున్న నీలాన్ని ఎక్కువగా, ఆ ఆకుపచ్చను తక్కువగా ఆపుతుంది. దాంతో కలిసిపోయినట్టున్న దీపాలు చుక్కల్లా విడిపడి కనిపిస్తాయి. దాక్కోవడానికి వడపోత, పట్టుకోవడానికి ఇంకో వడపోత.

సుమారు వెయ్యి మీటర్లు దాటాక ఈ ఆట ముగుస్తుంది. అక్కడికి ఎండ చేరదు. పైన వెలుగే లేనప్పుడు పొట్ట కింద దీపం ఎందుకు? అక్కడ వెలుగంటూ ఉంటే అది ఇంకో జంతువు చేసిందే. అందుకే అక్కడి చేపలు కొన్ని నమ్మలేనంత నల్లగా ఉంటాయి. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో 16 రకాల చేపలు తమ మీద పడిన నీలి వెలుగులో అర శాతం కంటే తక్కువే తిప్పి పంపుతున్నట్టు తేలింది. చర్మంలో మెలనిన్ గుళికలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉండడమే దానికి కారణం. ఒక గుళిక మింగలేని వెలుగును అది పక్కకు తోస్తుంది, పక్కది మింగేస్తుంది.

మరి ఆ లోతుల్లో వెలిగే జంతువులు అరుదా అంటే, కానే కాదు. కాలిఫోర్నియా తీరంలో మాంటెరే బే పరిశోధనా సంస్థ వాళ్ళు 17 ఏళ్ళ పాటు రోబో నౌకలతో తీసిన వీడియోల్లో మూడున్నర లక్షలకు పైగా నమోదులను లెక్కగట్టారు. నీటి మధ్యలో బతికే జంతువుల్లో 76 శాతం వెలుగు పుట్టించగలిగినవే. ఇది 2017లో వచ్చిన లెక్క.

ఇప్పుడు ఒత్తిడి సంగతికి వద్దాం. ఈ రెండు విషయాలకీ సంబంధం లేదనిపిస్తుంది గానీ, ఒత్తిడి శరీరంలో ఏం చేస్తుందో మనకు మొదట్లోనే తేటగా చూపించినది కూడా జీవకాంతే.

జంతువుల్లో వెలుగు ఒక రసాయన చర్య. ల్యూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలుస్తుంది, దాన్ని ల్యూసిఫెరేజ్ అనే ఎంజైమ్ నడిపిస్తుంది, ఆ చర్యలో వచ్చే శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఎంజైమ్ అంటే ప్రొటీనే. అది బాగా పనిచేస్తే వెలుగు ఎక్కువ, పని తగ్గితే వెలుగు తక్కువ. అంటే కణాన్ని కోయకుండా, చంపకుండా, లోపల ఒక ఎంజైమ్ ఎలా ఉందో వెలుగు చూసి చెప్పేయొచ్చు.

1940ల్లో ప్రిన్స్‌టన్‌లో ఫ్రాంక్ జాన్సన్, ఆయన సహచరులు సరిగ్గా ఇదే చేశారు. వెలిగే బాక్టీరియాను కిటికీ ఉన్న లోహపు గదిలో పెట్టి, వందల వాతావరణాల ఒత్తిడి, అంటే నేల మీద గాలి మన మీద వేసే ఒత్తిడికి వందల రెట్లు, ఎక్కించి, వెలుగును కొలిచారు. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి పెంచితే వెలుగు తగ్గింది. ఒత్తిడి తీసేస్తే మళ్ళీ వచ్చింది. ఇంతవరకు ఊహించిందే. కానీ బాక్టీరియాను వాటికి సరిపడే వేడి కంటే ఎక్కువ వేడి చేసి, వెలుగు మసకబారాక ఒత్తిడి పెంచితే, ఈసారి వెలుగు పెరిగింది!

వాళ్ళు చెప్పిన కారణం ఇది. ఒత్తిడికి ఒకటే పని, స్థలాన్ని తగ్గించే వైపు తోయడం. ఏ మార్పు జరిగితే అణువులు కాస్త ఎక్కువ స్థలం తీసుకుంటాయో ఆ మార్పును ఒత్తిడి అడ్డుకుంటుంది. వెలుగు పుట్టే దారిలో ఒక మెట్టు దగ్గర అణువు కాస్త ఉబ్బుతుంది, అందుకని చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి ఆ మెట్టును ఆపింది. వేడిలో ఎంజైమ్ విప్పుకుని పాడవుతోంది, ఆ విప్పుకోవడంలో కూడా స్థలం పెరుగుతుంది, దాన్నీ ఒత్తిడి ఆపింది, ఎంజైమ్ నిలబడింది.

ఇది అర్థమైతే లోతు సముద్రం గురించి ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. ప్రతి పది మీటర్లకు సుమారు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ఎనిమిది వేల మీటర్లలో దాదాపు ఎనిమిది వందల వాతావరణాలు. అంత బరువు కింద చేప ఎందుకు నలిగిపోదు అని అడుగుతారు. నలిగేది గాలి ఉన్న చోటే. చేప శరీరం నిండా నీరే, లోపలా బయటా ఒకటే ఒత్తిడి. గాలి సంచి లేని చేపకు నలిగేందుకు ఏమీ లేదు. అసలు దెబ్బ తగిలేది కణాల్లో, ప్రొటీన్ల దగ్గరా కణ పొరల దగ్గరా.

కణ పొర కొవ్వు అణువులతో చేసింది, మెత్తగా జారుతూ ఉండాలి. ఒత్తిడి కింద ఆ కొవ్వులు బిగుసుకుంటాయి. లోతులో ఉండే, జెల్లీలా మెత్తని ఒళ్ళున్న కోంబ్ జెల్లీ అనే జంతువుల మీద 2024లో వచ్చిన పరిశోధనలో, వాటి పొరల్లో ప్లాస్మలోజెన్లు అనే ఒక రకం కొవ్వులు ఎక్కువని తేలింది. ఆకారంలో ఇవి వంపు తిరగడానికి ఇష్టపడే అణువులు, లోతు ఒత్తిడిలో సరిగ్గా సర్దుకుంటాయి. అదే జంతువును పైకి తెస్తే ఒత్తిడి లేక ఆ వంపు మితిమీరుతుంది, పొర నిలవదు, జంతువు చేతిలోనే కరిగిపోయినట్టు విడిపోతుంది. లోతుకు సరిపోయిన శరీరానికి పైన చోటు లేదు.

ప్రొటీన్ల విషయంలో చేపలు ఇంకో దారి పట్టాయి. ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే చిన్న అణువు. పేరు పొడుగు గానీ మీ అందరికీ పరోక్షంగా తెలిసిందే. చచ్చిన చేపలో బాక్టీరియా దీన్ని విరిచినప్పుడు వచ్చేదే ఆ నీచు వాసన. బతికున్న చేపలో దీని పని వేరు. ఒత్తిడి పెరిగితే నీరు ప్రొటీన్ మడతల్లోకి చొరబడి వాటిని విప్పాలని చూస్తుంది. ఈ అణువు నీటిని గట్టిగా తనవైపు పట్టి ఉంచుతుంది, ప్రొటీన్‌కు మాత్రం అంటుకోదు. దాంతో ప్రొటీన్ మడత విప్పుకోకుండా నిలబడుతుంది.

లోతుకు వెళ్ళేకొద్దీ చేపల కండరాల్లో ఈ అణువు పెరుగుతూ పోతుంది. పాల్ యాన్సీ, ఆయన బృందం 2014లో ప్రచురించిన కొలత చూడండి. న్యూజిలాండ్ దగ్గర కెర్మడెక్ అగాధంలో 7,000 మీటర్ల లోతున పట్టిన స్నెయిల్‌ఫిష్ కండరంలో కిలోకు 386 మిల్లీమోల్స్ ఉంది. పైపొరల్లో ఉండే మామూలు చేపల్లో ఉండేదానికి ఇది ఎన్నో రెట్లు.

(సభలోంచి ప్రశ్న: అయితే ఈ అణువును ఇంకా పెంచుకుంటూ చేపలు అట్టడుగు దాకా వెళ్ళొచ్చు కదండీ?)

మంచి ప్రశ్న అడిగారు. సరిగ్గా అక్కడే చేప ఇరుక్కుంటుంది. ఎముకలున్న చేపల రక్తం సముద్రపు నీరంత చిక్కగా ఉండదు, దాదాపు మూడో వంతే. కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని ఆస్మోల్స్‌లో కొలుస్తారు. చేపలో సుమారు 350, సముద్రంలో సుమారు 1,100 మిల్లీఆస్మోల్స్. అందుకే చేప ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. చేప సముద్రపు నీరు తాగి, ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతూ నెట్టుకొస్తుంది. దాని మొప్పలు, కిడ్నీలు అన్నీ ఈ ఏర్పాటుకే తయారయ్యాయి.

ఇప్పుడు ఈ అణువును పోస్తూ పోతే ఒళ్ళు చిక్కబడుతుంది. 7,000 మీటర్ల స్నెయిల్‌ఫిష్‌లో మొత్తం 991 ఉంది. మనం పైపై లెక్క ఒకటి వేద్దాం. పైన 350, ఏడు వేల మీటర్లలో 991. అంటే 641 పెరిగింది, వెయ్యి మీటర్లకు 92 చొప్పున. సముద్రంతో సమానమయ్యేందుకు ఇంకా 109 కావాలి. 92 చొప్పున పోతే అది ఇంకో 1,200 మీటర్లు. మొత్తం 8,200. అక్కడ చేప ఒళ్ళూ సముద్రమూ సమానంగా చిక్కబడతాయి. ఇంకా కిందికి పోవాలంటే చేప సముద్రం కంటే చిక్కబడాలి. అప్పుడు నీరు తిరగబడి లోపలికి రావడం మొదలవుతుంది, ఉబ్బకుండా ఉండాలంటే మొప్పలూ కిడ్నీలూ ఇప్పటిదాకా చేసినదానికి సరిగ్గా ఎదురు పని చేయాలి. యాన్సీ బృందం కూడా ఇదే లెక్కన 8,000 నుంచి 8,200 మీటర్ల దగ్గర చేపలకు హద్దు ఉండాలని చెప్పింది.

ఈ లెక్కను పరీక్షించడానికి చేపలే సాక్ష్యం. అలన్ జేమీసన్ బృందం, టోక్యో సముద్ర విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి 2022లో జపాన్ దక్షిణాన ఇజు-ఒగసవారా అగాధంలోకి ఎర కట్టిన కెమెరాలను దింపారు. 8,336 మీటర్ల దగ్గర ఒక స్నెయిల్‌ఫిష్ కెమెరాకు చిక్కింది. కెమెరాకు దొరికిన చేపల్లో అంతకంటే లోతున ఉన్నది అప్పటికి లేదు. లెక్క కంటే వంద మీటర్లు ఎక్కువే అయినా, ఆ అగాధంలో నీరు మిగతా చోట్ల కంటే కొంచెం వెచ్చగా ఉంటుందని, అందుకే అక్కడ చేప ఇంకాస్త కిందికి పోగలిగిందని జేమీసన్ అభిప్రాయం. బాక్టీరియా ప్రయోగంలో వేడీ ఒత్తిడీ ఒకదానికొకటి ఎదురుగా పనిచేశాయని చెప్పాను కదా, అందుకని ఈ మాట నాకు సబబుగానే అనిపిస్తుంది.

(ఇంకో ప్రశ్న: 1960లో పికార్డ్ అట్టడుగున చేపను చూశానన్నారు కదా?)

అవును. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్ట్ అనే లోతు నౌకలో, సముద్రాల్లోకెల్లా లోతైన ఛాలెంజర్ డీప్ అడుగుకు, అంటే దాదాపు 10,900 మీటర్లకు దిగినప్పుడు పికార్డ్ ఒక చదునైన చేపను చూశానన్నాడు. వాళ్ళ దగ్గర ఫోటో లేదు. ఇప్పుడు మనం వేసిన లెక్క ప్రకారం అక్కడ చేప ఒళ్ళు సముద్రం కంటే చాలా చిక్కబడి ఉండాలి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో దిగిన కెమెరాలేవీ అక్కడ చేపను చూపలేదు. అది సముద్ర దోసకాయ లాంటి వెన్నెముక లేని జంతువై ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటాను.

ఎందుకంటే ఆ అడుగున జంతువులు లేకపోలేదు. ఎర వేస్తే రొయ్యల్లాంటి యాంఫిపాడ్‌లు గుంపులుగా వస్తాయి, వాటిలో హిరొండెల్లియా గిగాస్ అనేది ఛాలెంజర్ డీప్‌లో కూడా దొరుకుతుంది. చేపకు అడ్డొచ్చిన హద్దు వీటికి ఎందుకు లేదంటే, వెన్నెముక లేని సముద్ర జంతువుల ఒళ్ళు మొదటినుంచీ సముద్రమంతే చిక్కగా ఉంటుంది. లోతుకు వెళ్ళేకొద్దీ అవి ఒంట్లో ఉన్న మామూలు పదార్థాలను తగ్గించుకుని, ఆ చోట్లో ప్రొటీన్లను కాపాడే అణువులను నింపుకుంటాయి. మొత్తం మారదు, లోపల ఏముందో మారుతుంది. చేప మాత్రం ఉన్నదాని మీద చేర్చుకుంటూ పోవలసిందే. అందుకే అది ఎనిమిది వేల చిల్లర దగ్గర ఆగిపోయింది, యాంఫిపాడ్ అడుగు దాకా పోయింది.